విత్తన దుంప నుంచి కల్లం దాకా: పసుపు ధర ఎక్కడ తేలుతుంది?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఎటు చూసినా పసుపు రాశులే. ఖరీదుదారు రాశి దగ్గర ఆగి, లోపలికి చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీస్తాడు. రెండు చేతుల్తో పుటుక్కున విరుస్తాడు. విరిగిన చోట రంగు అంచు నుంచి నడిమి దాకా ఒకేలా ఉందా, శబ్దం గట్టిగా వచ్చిందా, కొమ్ము నిడివి ఎంత, తొక్క మీద మచ్చలున్నాయా అని చూస్తాడు. ఇదంతా నిమిషంలోపే అయిపోతుంది. తొమ్మిది నెలల పంటకు ధర ఆ నిమిషంలో ఖాయమవుతుంది. నిజామాబాద్‌లో కొమ్ము, మండ, చూర అని, దుగ్గిరాలలో కొమ్ములు, కాయలు, పుచ్చు అని సరుకును విడగొట్టి విడివిడి ధరలు కడతారు. వేలం చాలావరకు చూపు మీద, చేతి స్పర్శ మీద నడుస్తుంది కాబట్టి కుర్కుమిన్ శాతం అక్కడ లెక్కలోకి రావడం తక్కువ.

ధర పడిపోయినప్పుడు రైతుకు మొదట కనిపించేది మార్కెట్. మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం నిజామాబాద్ రైతులు చేసిన పోరాటం దేశమంతా చూసింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేయడంతో ఆ ఒక్క నియోజకవర్గంలో పోటీదారుల సంఖ్య 185కు చేరింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. ధర పోరాటం న్యాయమైనదే. అయితే అదే రోజు, అదే యార్డులో, పక్కపక్క రాశులకు క్వింటాకు వేల రూపాయల తేడా ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబు యార్డులో దొరకదు. అది మూడు చోట్ల ఉంది: విత్తనం నానబెట్టిన డ్రమ్ము దగ్గర, దుంపకూ దుంపకూ మధ్య వదిలిన జాగాలో, ఉడకబెట్టిన కడాయి నుంచి ఆరబోసిన కల్లం దాకా. ఈ మూడింటి మీద ఇప్పటిదాకా తెలిసింది ఏమిటో, ఇంకా తేలనిది ఏమిటో వరుసగా చూడాలి.

విత్తనంతోపాటే వచ్చే రోగం

పసుపుకు గింజ విత్తనం లేదు. పోయిన ఏడాది తవ్విన దుంపే ఈ ఏడాది విత్తనం. అందువల్ల పోయిన ఏడాది చేలో ఉన్న తెగులూ, పురుగూ దుంపతోపాటే ఈ ఏడాది చేలోకి నడిచి వస్తాయి. దుంపకుళ్లు, పొలుసు పురుగు రెండూ ఇలా వచ్చేవే. దుంపకుళ్లుకు ముఖ్య కారణం పిథియం జాతి శిలీంధ్రం. పొలుసు పురుగు నిల్వలో దుంపకు అంటిపెట్టుకుని రసం పీలుస్తుంది. దుంప మీద బూడిద తెలుపు పొలుసుల్లా కనిపిస్తుంది. ఎక్కువైతే దుంప ముడుచుకుపోయి కన్నులు ఎండిపోతాయి.

అందుకే విత్తన శుద్ధి మే నెలలో మొదలయ్యే పని కాదు. పంట తవ్విన రోజే మొదలవ్వాలి. కుళ్లు సోకని మడి నుంచి, బాగా ముదిరిన, బరువైన దుంపల్ని వేరుగా తీసి నీడలో కుప్పపోసి పసుపు ఆకులు కప్పుతారు. కేరళలోని కోళిక్కోడ్‌లో ఉన్న భారతీయ సుగంధ ద్రవ్య పంటల పరిశోధన సంస్థ విత్తనాన్ని గుంతల్లో రంపపు పొట్టుతో, ఇసుకతో, ముషిణి ఆకులతో కలిపి నిల్వ చేయాలని, గుంత మీద కప్పే చెక్కలకు గాలి ఆడే రంధ్రాలు ఉంచాలని చెబుతుంది. ఏ పద్ధతి పాటించినా దుంపలు వేడెక్కకూడదు, చెమ్మగిల్లకూడదు. విత్తే ముందు ప్రతి దుంపనూ వేలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగిపోయినా, దుర్వాసన వచ్చినా, కోస్తే లోపల గోధుమ రంగు కనిపించినా ఆ దుంపను పారెయ్యాల్సిందే. ఇక్కడ చాలామంది తడబడతారు. మందులో ముంచితే బాగవుతుందిలే అని అనుమానపు దుంపను కూడా డ్రమ్ములో వేసేస్తారు. మాంకోజెబ్ దుంప పైపొర మీద ఉండి పనిచేసే మందు. లోపలికి దిగిన కుళ్లును అది మాన్పలేదు. ఏరివేత సరిగ్గా జరగకపోతే శుద్ధి పేరుకే మిగులుతుంది.

ఏరిన దుంపల్ని లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ చొప్పున కలిపిన ద్రావణంలో 30 నిమిషాలకు తగ్గకుండా నానబెట్టాలి. 200 లీటర్ల డ్రమ్ముకు 600 గ్రాముల మందు పడుతుంది. పిథియం బెడద ఉన్న చేలకు మాంకోజెబ్ ఒక్కటే కాకుండా మెటలాక్సిల్ కలిసిన మిశ్రమాన్ని అదే మోతాదులో వాడమంటారు. అరగంట అన్నది ఊరికే పెట్టిన గడువు కాదు. దుంప మీద పొరల సందుల్లోకి, కన్నుల చుట్టూ మందు నీరు దిగడానికి అంత సమయం కావాలి. బుట్టలో వేసి ఇలా ముంచి అలా తీస్తే తడిసేది పైతొక్క మాత్రమే. నాలుగైదు విడతలయ్యేసరికి డ్రమ్ములో నీరు బురదగా మారుతుంది. మట్టితో మందు బలం తగ్గుతుంది గనుక దుంపల్ని ముందే కడిగి వేయడం, నీరు చిక్కబడగానే కొత్త ద్రావణం కలపడం మేలు.

పొలుసు పురుగు కనిపిస్తే దానికి వేరే మందు కావాలి. 25 శాతం క్వినాల్‌ఫాస్ అయితే లీటరుకు 3 మిల్లీలీటర్లు కలిపి 20 నుంచి 30 నిమిషాలు ముంచుతారు. నిల్వకు ముందు ఒకసారి, విత్తే ముందు ఇంకోసారి చేస్తేనే పురుగు లొంగుతుంది. ఏ మందులో ముంచినా తర్వాత దుంపల్ని నీడలో పలచగా పరిచి పైతడి ఆరేదాకా ఉంచాలి. తడిగా సంచుల్లో కుక్కితే రాత్రికి రాత్రే వేడెక్కి మొలకలు చచ్చిపోతాయి. చేతికి తొడుగులు లేకుండా ఈ పని చేయకూడదు. మిగిలిన మందు నీటిని చెరువులోకో కాలువలోకో వదలకూడదు.

ట్రైకోడెర్మా విషయంలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. చెడ్డ శిలీంధ్రాన్ని అణిచే మంచి శిలీంధ్రం అది. దాన్ని మాంకోజెబ్ డ్రమ్ములోనే కలిపితే మందు దాన్నే ముందు దెబ్బతీస్తుంది. రసాయన శుద్ధి అయ్యి, దుంప ఆరిన తర్వాత విత్తే ముందు విడిగా పట్టించాలి. అంతకంటే బాగా పనిచేసే దారి నేలకు ఇవ్వడం. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండా నీడలో వారం పది రోజులు మగ్గబెట్టి ఎకరానికి చల్లుతారు. సేంద్రియ రైతులకు ఇదే ప్రధాన ఆధారం. పాడేరు కొండల్లో రసాయనాల జోలికి పోకుండానే గిరిజన రైతులు తరతరాలుగా పసుపు పండిస్తున్నారు. అక్కడి ఏటవాలు నేలలో నీరు నిలవకపోవడం వాళ్లకు కలిసివచ్చే విషయం.

విత్తన శుద్ధికి ఉన్న హద్దు కూడా ఆ నీటి దగ్గరే ఉంది. పిథియం బీజాలు నీటిలో ఈదగలవు. ఆగస్టు వానలకు చేలో రెండు రోజులు నీరు నిలిచిందంటే, నేలలో ముందే ఉన్న బీజాలు ఏ శుద్ధీ లెక్కచేయకుండా మొక్క మొదలుకు చేరతాయి. మొదట కింది ఆకుల అంచులు పసుపు పచ్చగా మారతాయి. తర్వాత కాండం మొదట్లో నీరు పట్టినట్టు మెత్తబడుతుంది. పట్టుకుని లాగితే మొక్క చేతిలోకి వచ్చేస్తుంది, కింద దుంప మెత్తగా కంపు కొడుతుంటుంది. ఈ స్థితికి వచ్చిన మొక్కను బతికించలేరు. దాన్ని తీసేసి చుట్టూ మొక్కల మొదళ్లను మందు నీటితో తడిపి వ్యాప్తిని ఆపడమే మిగిలేది. శుద్ధి చేసినా కుళ్లు వచ్చిందని మందును తప్పుపట్టే రైతు ముందు చూసుకోవాల్సింది చేలో నీరు పోయే దారి. నీటి దారి సంగతి దుంపల మధ్య దూరంతో ముడిపడి ఉంది.

దూరం లెక్క

ఉత్తర తెలంగాణలో పాత పద్ధతి బోదెలు, కాలువలు. వరుసల మధ్య 45 సెంటీమీటర్ల నుంచి 60 దాకా, మొక్కల మధ్య 20 నుంచి 25 దాకా ఉంచి, కన్ను పైకి ఉండేలా నాలుగైదు సెంటీమీటర్ల లోతున పెడతారు. ఇప్పుడు బిందు సేద్యంతోపాటు ఎత్తు బెడ్లు విస్తరిస్తున్నాయి. మీటరు వెడల్పు, కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న బెడ్డు వేసి, బెడ్డుకూ బెడ్డుకూ మధ్య అర మీటరు కాలువ వదిలి, బెడ్డు మీద 30 సెంటీమీటర్లు, 25 సెంటీమీటర్ల దూరంలో దుంపలు పెడతారు.

బెడ్ల పద్ధతి చూసిన రైతు మొదట అడిగే ప్రశ్న, మూడో వంతు నేల కాలువలకే పోతే మొక్కలు తగ్గవా అని. లెక్క వేసి చూడవచ్చు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. బోదెల మీద 45, 25 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఒక్కో మొక్కకు 0.1125 చదరపు మీటరు నేల వస్తుంది, ఎకరాకు దాదాపు 36,000 మొక్కలు పడతాయి. బెడ్లలో మూడో వంతు నేల పోగా మిగిలేది 2,698 చదరపు మీటర్లు. 30, 25 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో మొక్కకు 0.075 చదరపు మీటరు. ఇక్కడా వచ్చేది దాదాపు 36,000 మొక్కలే. ఒక్క మొక్క కూడా తగ్గకుండా ఆగస్టు వాన పోయేందుకు అర మీటరు కాలువలు దొరికాయన్నమాట. నల్లరేగడి నేలల్లో, నీరు నిలిచే పల్లపు చేలలో బెడ్డుకు ఓటు వేయాల్సింది ఇందుకే. నీరు బాగా ఇంకే తేలిక నేలల్లో, బిందు సేద్యం లేని చోట బోదెలతోనూ నష్టమేమీ ఉండదు.

మరీ దగ్గర చేస్తే ఏమవుతుంది? 45, 20 సెంటీమీటర్లలో 45,000 మొక్కలు పడతాయి, 60, 25 సెంటీమీటర్లలో 27,000. మొక్కలు కిక్కిరిస్తే మొత్తం బరువు కొంత పెరిగినా ఒక్కో దుంప చిన్నదవుతుంది, కొమ్ములు సన్నబడతాయి. ఆకులు ఒకదాన్నొకటి కప్పేసి గాలి ఆడక ఆకుమచ్చ తెగుళ్లు పెరుగుతాయి. మరీ దూరం చేస్తే కొమ్ములు లావుగా వస్తాయి కానీ ఎకరా దిగుబడి తగ్గుతుంది, ఖాళీ నేలను కలుపు ఆక్రమిస్తుంది. యార్డులో నిడివైన, లావైన కొమ్ముకే పై ధర దక్కుతుంది కాబట్టి మొత్తం బరువు ఒక్కటే చూసి దూరం నిర్ణయించడం పొరపాటు.

దూరంతో ముడిపడిన ఇంకో సంగతి మొక్కజొన్న. నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో పసుపు వరుసల మధ్య మొక్కజొన్న వేయడం పాత అలవాటు. పసుపు నెమ్మదిగా మొలిచి ఆకు విప్పే మొదటి నెలల్లో మొక్కజొన్న నీడ ఇస్తుంది, కోతకొచ్చాక చేతిలో డబ్బు పెడుతుంది. దుంప ఊరడం ఊపందుకునే సమయానికి మొక్కజొన్న చేలో నుంచి వెళ్లిపోవాలి. అది ఆలస్యమైనా, మరీ దట్టంగా వేసినా పసుపుకు వెలుతురూ ఎరువూ చాలవు. కోసిన వెంటనే పసుపు మొదళ్లకు మట్టి ఎగదోస్తేనే కొమ్ములు బయటపడకుండా మట్టిలో ఊరతాయి.

పదో వంతు పంట విత్తనానికే

ఎకరాకు విత్తనం సుమారు 1,000 కిలోలు కావాలన్నది పాత సిఫార్సు. 36,000 మొక్కలకు పంచితే ఒక్కో దుంప 28 గ్రాములు, 45,000కు పంచితే 22 గ్రాములు. కొమ్ముల్ని విత్తనంగా వాడితే మండల కంటే మూడో వంతు తక్కువ బరువు చాలు. కొమ్ములు నిల్వకూ బాగా ఆగుతాయి, మొలక దశలో తడిని కొంత ఎక్కువ తట్టుకుంటాయి. మండ పెద్దది కాబట్టి దాని నుంచి మొలక బలంగా వస్తుంది. రెండింటికీ వాటి వాటి చోటు ఉంది.

ఎకరాకు 100 క్వింటాళ్ల పచ్చి పసుపు వచ్చిందనుకుంటే, అందులో 10 క్వింటాళ్లు మళ్లీ విత్తనానికే పోతాయి. ఇంత భారీగా విత్తనం తినే పంటలు తక్కువ. ఈ భారం తగ్గించడానికే తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, కోళిక్కోడ్ సంస్థ ఒంటి కన్ను నారు పద్ధతిని తెచ్చాయి. దుంపను ఒక్కో కన్నుతో ఐదు నుంచి ఏడు గ్రాముల ముక్కలుగా కోసి, శుద్ధి చేసి, కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో నారు పెంచి, నెల దాటాక చేలో నాటుతారు. 36,000 మొక్కలకు ఏడు గ్రాముల చొప్పున కావాల్సింది 250 కిలోలు. ఏడున్నర క్వింటాళ్ల పచ్చి పసుపు, అంటే దాదాపు ఒకటిన్నర క్వింటా ఎండు పసుపు మిగులుతుంది. కుళ్లిన నారును ట్రేలోనే ఏరేయవచ్చు, చేలో సందులు ఉండవు.

అయితే 98 గుంతల ట్రేలైతే ఎకరాకు 368 కావాలి. నీడవల, నెల రోజుల నీటి కాపలా, నాట్లకు కూలీలు అదనం. కోత గాయాలున్న ముక్కలు కాబట్టి శుద్ధిలో ఏ లోపం జరిగినా పెద్ద దుంప కంటే ముందు కుళ్లేది ఇవే. సొంత నర్సరీ పెట్టుకోలేని చిన్న రైతుకు ఊళ్లో ఉమ్మడిగా నారు పెంచే ఏర్పాటు ఉంటే తప్ప ఈ లెక్క కలిసిరాదు. కొత్త రకం విత్తనం కొద్దిగానే దొరికి దాన్ని త్వరగా విస్తరించాలనుకునే వారికి మాత్రం ఇంతకంటే మంచి దారి లేదు.

ఉడుకు, ఎండ

ఆకులు పసుపు పచ్చబడి, ఎండి వాలిపోతే పంట ముదిరినట్టు. జూన్‌లో వేసిన తొమ్మిది నెలల దీర్ఘకాలిక రకాలు ఫిబ్రవరి, మార్చిలో ఈ దశకు వస్తాయి. ఆకు నేల మట్టానికి కోసి, కొన్ని రోజులు ఆగి, నేల గట్టిగా ఉంటే తేలిక తడి ఇచ్చి తవ్వుతారు. ముదరకుండా తవ్వితే ఎండాక ముడతలు పడిన, బరువు లేని కొమ్ములే మిగులుతాయి.

తవ్వాక మండల్నీ కొమ్ముల్నీ వేరుచేసి, మట్టి కడిగి, రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. ఉడకబెట్టడం ఎందుకన్నది చాలామందికి స్పష్టంగా తెలియదు. పచ్చి దుంపలో ప్రాణం ఉంటుంది. దాన్ని అలాగే ఎండబెడితే ఎండడానికి చాలా రోజులు పడుతుంది, మధ్యలో మొలకెత్తుతుంది, బూజు పడుతుంది. ఉడికితే కన్నులు చస్తాయి, పచ్చి వాసన పోతుంది, పిండి పదార్థం జిగురుగా మారి దుంప లోపల ఒకే రంగు పరుచుకుంటుంది, ఎండే సమయం సగానికి పైగా తగ్గుతుంది. మండ, కొమ్ము కలిపి ఒకే కడాయిలో పోయకూడదు. మండ ఉడికేసరికి సన్న కొమ్ము చిదికిపోతుంది.

కడాయిలో దుంపలు మునిగి, పైన నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లుండాలి. పైన పసుపు ఆకులో గోనెలో కప్పి మంట పెడతారు. ముప్పావు గంట నుంచి గంట మధ్య పైకి తెల్లటి నురగ పొంగుతుంది, పొగలాంటి ఆవిరిలో ఉడికిన పసుపు వాసన తేలుతుంది. ఆ వాసన రాగానే నిలబడి చూడాల్సిందే. అనుభవం ఉన్న రైతు కడాయి పైనుంచి ఒకటి, నడుమ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి, వేళ్ల మధ్య అన్నం మెతుకు నొక్కి చూసినట్టు చూస్తాడు. మెత్తగా నొక్కుడు పడాలి. మొద్దు పుల్ల గుచ్చితే అడ్డులేకుండా దిగాలి. విరిస్తే నడిమి భాగంలో తెల్లటి వలయం లేకుండా అంచు రంగే లోపలా కనపడాలి. వలయం కనిపిస్తే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. అలాగే దించితే ఎండాక ఆ కొమ్ము పెళుసుగా విరుగుతుంది, గోదాములో పుచ్చు త్వరగా పడుతుంది. చేత్తో పట్టుకుంటేనే చిదికిపోతుంటే ఉడుకు దాటిపోయింది. దాని రంగు మాసిపోతుంది, కుర్కుమిన్ కూడా కొంత తరుగుతుంది. ఇదివరకు కొన్నిచోట్ల పేడ నీళ్లు కలిపి ఉడకబెట్టేవారు. రంగుకు అది ఏమీ చేయదు, తినే సరుకుకు మలినం మాత్రం అంటిస్తుంది. మంచి నీళ్లే వాడాలి.

ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ట్రాక్టరు వెనక లాగే ఆవిరి బాయిలర్లు. రంధ్రాలున్న డ్రమ్ముల్లో దుంపలు నింపి ఆవిరి పంపుతారు. నీళ్లూ కట్టెలూ బాగా తగ్గుతాయి, డ్రమ్ము అంతటా ఉడుకు సమానంగా వస్తుంది, కూలీల పని తేలికవుతుంది. కొరత బాయిలర్ల సంఖ్యలో ఉంది. మార్చిలో అందరి పంటా ఒకేసారి తవ్వకానికి వస్తుంది. బాయిలరు కోసం వారం పది రోజులు ఎదురుచూస్తే కుప్పలో దుంపలు వడలి, వేడెక్కి, ఉడికినా రంగు రాదు. అంతదాకా ఆగాల్సివస్తే నీడలో, ఆకుల కింద ఉంచాలి. వంతు దొరికే రోజును చూసుకుని విడతలుగా తవ్వుకోవడం ఇంకా మేలు.

ఎండబెట్టడంలో జరిగే తప్పు చాలామందికి వింతగా అనిపిస్తుంది. పలచగా పరిస్తే త్వరగా ఎండుతుంది కదా అనుకుంటారు. పసుపులోని కుర్కుమిన్ వెలుతురుకు విరిగిపోయే పదార్థం. మరీ పలచగా పరిస్తే ఎండ ప్రతి కొమ్ము మీదా నేరుగా పడి పైరంగు వెలిసిపోతుంది. ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందాన సిమెంటు కల్లం మీదో వెదురు తడికల మీదో పరిచి, పగలు తిరగతోడుతూ, రాత్రి కుప్పచేసి కప్పాలి. ఇలా 10 నుంచి 15 రోజులు పడుతుంది. ఎండిన కొమ్ము విరిస్తే లోహం మోగినట్టు శబ్దం వస్తుంది. ఏప్రిల్‌లో అకాల వాన పడితే ఒక్క రాత్రికే బూజు, మచ్చలు మొదలవుతాయి. కల్లం పక్కన టార్పాలిన్ లేని రైతు ఏడాది కష్టం అప్పుడే సగం పోగొట్టుకుంటాడు.

లెక్కలో ఒక ఎకరం

ఎండు దిగుబడి రకాన్ని బట్టి పచ్చి బరువులో 10 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. మధ్యస్థంగా 20 శాతం అనుకుంటే 100 క్వింటాళ్ల పచ్చి పసుపు, 10 శాతం తేమ దగ్గర 20 క్వింటాళ్ల ఎండు పసుపు అవుతుంది. రైతు తొందరపడి 14 శాతం తేమ దగ్గరే సంచులు కట్టాడనుకుందాం. అసలు పదార్థం 18 క్వింటాళ్లే కాబట్టి బరువు 20.93 క్వింటాళ్లు తూగుతుంది. 93 కిలోలు అదనం. లెక్క కోసం క్వింటా 10,000 రూపాయలు అనుకుంటే 9,300 రూపాయల లాభం కనిపిస్తుంది. కొమ్ము వంగి మెత్తగా విరగడం గమనించిన ఖరీదుదారు క్వింటాకు 450 రూపాయలు తగ్గించాడంటే ఆ లాభమంతా పోయినట్టే. 1,000 తగ్గిస్తే దాదాపు 11,600 రూపాయలు నష్టం. అమ్మకుండా నిల్వ పెడితే బూజు ప్రమాదం అదనం.

చివరి పని పాలిషు. తిరిగే డ్రమ్ములో కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైతొక్క, వేళ్లు, ముడతలు పోతాయి. తేలిక పాలిషులో రెండు మూడు శాతం, పూర్తి పాలిషులో ఐదు నుంచి ఎనిమిది శాతం బరువు పోతుంది. 20 క్వింటాళ్లకు పూర్తి పాలిషు చేస్తే క్వింటా నుంచి 160 కిలోల దాకా తరుగు. ఆ తరుగుకు మించి ధర పెరుగుతుందా అని ముందే అడ్తిదారుతో మాట్లాడి చూసుకోవాలి. సరుకు పొడికి వెళ్లేదైతే తేలిక పాలిషు చాలు.

రంగు మీద ఇంత పట్టింపు ఉన్నచోట అడ్డదారి కూడా పుడుతుంది. బంగ్లాదేశ్‌లో జరిగింది దీనికి పెద్ద పాఠం. 1980ల వరదల్లో సరిగా ఎండక మాసిపోయిన పసుపును మెరిపించడానికి వ్యాపారులు లెడ్ క్రోమేట్ అనే రంగును వాడడం మొదలుపెట్టారు. అది సీసం ఉన్న విషం, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో దీన్ని బయటపెట్టాక అక్కడి ప్రభుత్వం తనిఖీలకూ ప్రచారానికీ దిగింది. మార్కెట్ నమూనాల్లో 47 శాతం ఉన్న కల్తీ 2021 నాటికి సున్నాకు వచ్చింది. కల్లం మీద సరిగా ఎండని సరుకు చివరికి ఎవరి పళ్లెంలోకి ఏ రూపంలో చేరగలదో ఈ ఉదంతం చూపిస్తుంది.

తేలాల్సిన సంగతులు

శుద్ధి, దూరం, ఉడుకు మూడింట్లోనూ పద్ధతి ఏమిటన్న దానిపై శాస్త్రవేత్తల్లో పెద్దగా విభేదం లేదు. కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన కేంద్రం ఉత్తర తెలంగాణ నేలల మధ్యే ఉంది. కోళిక్కోడ్ సంస్థ విడుదల చేసిన ప్రతిభ, ఆరు నెలల్లో కోతకొచ్చే ప్రగతి వంటి రకాలు రైతులకు అందుబాటులోకి వచ్చాయి. తెగని చిక్కు ఖర్చు దగ్గర ఉంది. విత్తన శుద్ధికి రైతు పెట్టే ఖర్చు కొద్దిదే, కాబట్టి దాన్ని వదిలెయ్యడానికి సాకు లేదు. బెడ్లకు యంత్రం ఒకసారి కావాలి, అదీ భరించదగ్గదే. సిమెంటు కల్లం, టార్పాలిన్లు, మార్చిలో సమయానికి దొరికే బాయిలరు మాత్రం నాలుగెకరాల రైతు సొంతంగా సమకూర్చుకోలేడు.

కుర్కుమిన్ ఎక్కువున్న రకం పండించిన రైతుకు యార్డులో అదనంగా ఏమీ దక్కకపోవడం ఇంకో లోటు. అక్కడ చూసేది కొమ్ము నిడివి, విరుపు, పైరంగు. ప్రతిభ వంటి రకాల్లో ఆరు శాతం దాటే కుర్కుమిన్‌కు విలువ ఇచ్చేవి మందుల, సారం తీసే కంపెనీలు. యార్డులో నమూనా తీసి కుర్కుమిన్, తేమ శాతాల్ని కొలిచి చీటీ ఇచ్చే ప్రయోగశాల ఉంటే రైతు ఆ చీటీతో బేరం ఆడగలడు. బోర్డు మొదటగా చేపట్టదగ్గ పనులు ఇవే: ప్రతి క్లస్టరులో వంతుల పట్టికతో నడిచే ఉమ్మడి బాయిలర్లు, కల్లాలు, నిజామాబాద్‌తోపాటు దుగ్గిరాలలోనూ వేలానికి ముందే పరీక్ష. నమూనా తీసే తీరు, రైతు చేతికి చీటీ ఎన్ని గంటల్లో రావాలన్నది రైతు సంఘాలు, అడ్తిదారులు కలిసి కూర్చుని తేల్చుకోవాలి. వచ్చే సీజనులో సరుకు యార్డుకు రాకముందే ఆ మాట తేలితే మొదటి ఏడాదే దాని ఫలితం ధరలో కొలిచి చూడవచ్చు.